తాకట్టు లేని లోనుకి ఏ వ్యాపారం సరిపోతుంది: డబ్బు యంత్రంలోకి పోతుందా, సరుకులోకి పోతుందా?

ప్రశ్న: మధురవాడలో ఉంటాను. వయసు 31, డిగ్రీ చదివాను, బీసీ. ఏడేళ్లు ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేశాను. చేతిలో లక్షా ఇరవై వేలు ఉన్నాయి. అద్దె ఇల్లు, తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు. మూడు ఆలోచనలు ఉన్నాయి: ఇంట్లోంచి చీరలు అమ్మడం, గానుగ నూనె, హోటళ్లకి లాండ్రీ. సబ్సిడీ ఎక్కువ వచ్చేది ఏదో చెప్తే అదే మొదలుపెడతాను. ఆనందపురంలో పెడితే సబ్సిడీ పెరుగుతుంది అంటున్నారు, నిజమేనా?

సమాధానం:

అమ్మా, నేను బ్యాంకులో ఇరవై ఏళ్ల పైన పనిచేశాను. అందులో ఎక్కువ కాలం గాజువాక, పెందుర్తి వైపు బ్రాంచీల్లో చిన్న లోన్లు చూశాను. మీలాగే "సబ్సిడీ ఎక్కువ ఎక్కడ సార్" అని అడిగినవాళ్లు చాలామంది నా టేబుల్ ముందు కూర్చున్నారు. వాళ్లందరినీ నేను తిరిగి అడిగింది ఒకటే. మీ వ్యాపారంలో డబ్బు ఎక్కడికి పోయి కూర్చుంటుంది? యంత్రంలోనా, సరుకులోనా, కస్టమర్ దగ్గర బాకీలోనా? దీనికి జవాబు దొరికితే ఏ పథకం సరిపోతుందో, అసలు పథకం అవసరమో లేదో తేలిపోతుంది.

ఎందుకంటే సబ్సిడీ పథకాలు యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన దగ్గర ఎక్కువగా నడిచేది ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, పీఎంఈజీపీ. 2008లో మొదలైంది. 2022లో మార్చిన మార్గదర్శకాల ప్రకారం తయారీ యూనిట్‌కి 50 లక్షల వరకు, సర్వీసు యూనిట్‌కి 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. యంత్రం, పరికరం లాంటి స్థిరమైన పెట్టుబడి ఏమీ లేని ప్రాజెక్టు ఇందులోకి రాదు. భూమి ఖరీదు కలపకూడదు, షెడ్డు అద్దె కలుపుకోవచ్చు. మామూలు కొని అమ్మే వ్యాపారానికి మన ప్రాంతంలో తలుపు దాదాపు మూసే ఉంటుంది. ఆ షాపు వెనక తయారీ గానీ సర్వీసు గానీ ఉండాలి. లేదంటే అందులో ఖాదీ, గ్రామోద్యోగ సరుకు, ఇతర పీఎంఈజీపీ యూనిట్ల సరుకు మాత్రమే అమ్మాలి.

కాబట్టి మీ మొదటి ఆలోచన, చీరలు, ఈ పథకంలోకి రాదు. చీరల వ్యాపారంలో పెట్టుబడంతా బీరువాలో మడతపెట్టి ఉంటుంది. దానికి ముద్ర లోను ఉంది. శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, సబ్సిడీ మాత్రం ఉండదు. చీరలే చేయాలనుకుంటే మీ లక్షా ఇరవైలోంచి అరవై వేల సరుకుతో మొదలుపెట్టి, అది మూడుసార్లు తిరిగాక ముద్రకి వెళ్లండి. ఆ అమ్మకాలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి కాబట్టి మేనేజరు కూడా సానుకూలంగా చూస్తాడు.

ఇక్కడే ఏజెంట్లు ఒక సలహా ఇస్తారు: "చీరలు అని రాయకండి, కుట్టు మిషన్ల యూనిట్ అని రాద్దాం." ఆ మాట వినకండి. నా చేతుల మీదుగా జరిగిందే చెప్తాను. ఒక కుర్రాడు షర్టుల షాపు పెట్టాలనుకున్నాడు. ఏజెంటు దాన్ని రెడీమేడ్ దుస్తుల తయారీ అని రాసి, ఆరు కుట్టు మిషన్లతో 8 లక్షల ప్రాజెక్టు చేశాడు. కొటేషన్ చూసి సంతకం పెట్టింది నేనే. ఆ కుర్రాడు నిజంగా కొన్నవి రెండు మిషన్లు. మిగతా డబ్బు సప్లయర్ దగ్గర్నుంచి నగదుగా వెనక్కి తీసుకుని షర్టులు కొన్నాడు. రెండేళ్లు బాగానే నడిచింది, కిస్తీలూ కట్టాడు. మూడో ఏడు యూనిట్ చూడడానికి వచ్చినవాళ్లకి ఆరు మిషన్లు కనపడలేదు, కుట్టేవాళ్లూ కనపడలేదు. ఓపెన్ కేటగిరీ, సిటీ కాబట్టి అతని సబ్సిడీ 15 శాతం, అంటే లక్షా ఇరవై వేలు. అది వెనక్కి పోయింది, ఆ మేరకు బాకీ అలాగే నిలబడింది. మోసం చేయాలన్న బుద్ధి ఆ కుర్రాడికి లేదు. సరుకు వ్యాపారాన్ని యంత్రాల పథకంలోకి ఇరికించాడు, అది ఇమడలేదు.

సబ్సిడీ అనే మాటని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ డబ్బు మీ చేతికి రాదు. బ్యాంకు మొదటి విడత లోను ఇచ్చాక సబ్సిడీ కోసం క్లెయిమ్ పెడుతుంది. వచ్చిన డబ్బుని మీ పేరున టీడీఆర్ అనే డిపాజిట్‌గా మూడేళ్లు కట్టిపెడుతుంది. దానిమీద మీకు వడ్డీ రాదు, లోనులో కూడా ఆ మేరకు మీ దగ్గర వడ్డీ వసూలు చేయరు. మూడేళ్లయ్యాక యూనిట్ నడుస్తోందని వచ్చి చూసుకుని, అప్పుడు ఆ డబ్బుని లోనులో జమ వేస్తారు. అంటే సబ్సిడీ నిజంగా దక్కేది మూడో ఏడు దాటినవాళ్లకే. మొదటి ఏడాది గడవడానికి అది పనికిరాదు. మూడేళ్లు ఒకే చోట, ఒకే పని, అవే యంత్రాలతో నడుస్తుందన్న నమ్మకం లేని ఆలోచనలన్నీ ఇక్కడే వడపోతలో పోతాయి. సీజన్ వ్యాపారాలు, ఫ్యాషన్ మీద ఆధారపడినవి, ఆర్నెల్లు చూసి మార్చుకుందాం అనుకునేవి దీనికి సరిపడవు.

మీ లెక్క చూద్దాం. మహిళ, పైగా బీసీ కాబట్టి మీరు ప్రత్యేక కేటగిరీలోకి వస్తారు. రెండు కారణాలున్నా రాయితీ ఒక్కసారే. మీ వాటా 5 శాతం. సబ్సిడీ సిటీలో అయితే 25 శాతం, గ్రామీణ ప్రాంతంలో అయితే 35 శాతం. 10 లక్షల ప్రాజెక్టు అనుకుంటే మీరు 50 వేలు పెడతారు, బ్యాంకు తొమ్మిదిన్నర లక్షలు ఇస్తుంది. సిటీ సబ్సిడీ రెండున్నర లక్షలు టీడీఆర్‌లోకి పోతే, వడ్డీ పడేది 7 లక్షల మీద. గ్రామీణంలో అయితే 6 లక్షల మీద. సబ్సిడీ బ్యాంకుకి చేరేదాకా మాత్రం పూర్తి మొత్తం మీద వడ్డీ పడుతుంది. అది కొన్ని నెలలు పట్టొచ్చు, ఆ ఖర్చు ముందే మనసులో పెట్టుకోండి.

లెక్కని 10 లక్షల దగ్గరే ఆపడానికి కారణం ఉంది. చిన్న పరిశ్రమల లోన్లకి కనీసం 10 లక్షల వరకు బ్యాంకు తాకట్టు అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. లోను మునిగితే బ్యాంకుకి కొంత భాగం భరించడానికి సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ ఉంది. దాని ఫీజు ఏడాదికోసారి మీ ఖాతాలోంచే పోతుంది, పెద్ద మొత్తం కాదు. అయినా కొన్నిచోట్ల "ఎవరైనా ఇల్లున్నవాళ్లని తీసుకురండి" అంటారు. అప్పుడు గొడవ పడొద్దు. తాకట్టు కావాలంటున్న మాట కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి. రాసివ్వడానికి మాత్రం ఎవరూ తొందరపడరు.

ఇప్పుడు గానుగ నూనె. ఆహార పదార్థం కాబట్టి దీనికి ఇంకో దారి ఉంది, చిన్న ఆహార యూనిట్ల కోసం పెట్టిన కేంద్ర పథకం పీఎంఎఫ్ఎంఈ. సబ్సిడీ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, మీ వాటా కనీసం 10 శాతం. ఇందులో ఊరా సిటీనా, ఆడా మగా, ఏ కులం అన్న తేడా లేదు. ఇంకో మంచి సంగతి, ఇప్పటికే నడుస్తున్న చిన్న యూనిట్‌ని పెంచుకోవడానికి కూడా ఇస్తారు. పీఎంఈజీపీ కొత్త యూనిట్‌కే కాబట్టి ముందు చిన్నగా పెట్టి చూద్దాం అంటే అర్హత పోతుంది. నూనె విషయంలో ఆ భయం లేదు, చిన్న గానుగతో మొదలుపెట్టి, పథకం అప్పటికీ నడుస్తుంటే తర్వాత వెళ్లొచ్చు.

కానీ 35 అని చూసి ఆగకండి. పీఎంఎఫ్ఎంఈ సబ్సిడీ యంత్రాలకీ, దానికి కావలసిన కొంత కట్టడానికీ లెక్కేస్తారు. సరుకు కొనడానికి, రోజువారీ నడపడానికి కావలసిన వర్కింగ్ క్యాపిటల్‌కి ఉండదు. నూనెలో అసలు డబ్బంతా గింజలోనే ఉంటుంది. గానుగలో లీటరు వేరుశనగ నూనెకి సుమారు రెండున్నర కిలోల పప్పు కావాలి. రోజుకి 40 లీటర్లు తీస్తే వంద కిలోల పప్పు. సీజన్లో కొని మూడు నెలలకి నిల్వ పెట్టుకోవాలంటే ఏడెనిమిది టన్నులు. కిలో 110 అనుకున్నా ఎనిమిదిన్నర లక్షలు దాటుతుంది. గానుగ ఖరీదు దీనిముందు చిన్నదైపోతుంది. నిల్వ పెట్టకుండా ఏ వారానికి ఆ వారం కొంటే ధర పెరిగినప్పుడు మీ లాభం పోతుంది. పైగా పప్పు తేమ పట్టి బూజొస్తే నూనె అమ్మడానికే పనికిరాదు. ఆరు లక్షల యంత్రం, నాలుగు లక్షల సరుకుతో ప్రాజెక్టు వేస్తే, 35 శాతం ఇచ్చే పథకంలో మీకు వచ్చేది ఆరు లక్షల మీద 2 లక్షల 10 వేలు. సిటీలో 25 శాతమే ఇచ్చే పీఎంఈజీపీలో మొత్తం 10 లక్షల మీద రెండున్నర లక్షలు. శాతం పెద్దది, డబ్బు చిన్నది.

అలాగని పీఎంఈజీపీలో సరుకు డబ్బు ఎక్కువ చూపిస్తే సుఖం అనుకోకండి. అక్కడ వర్కింగ్ క్యాపిటల్‌కి ఇచ్చే క్యాష్ క్రెడిట్‌ని మూడేళ్లలో ఒక్కసారైనా పూర్తిగా వాడాలి, సగటున 75 శాతానికి తగ్గకూడదు. అలా వాడకపోతే ఆ భాగానికి ఇచ్చిన సబ్సిడీ వెనక్కి అడుగుతారు. "ఊరికే ఎక్కువ రాయించుకుందాం, అవసరం పడితే వాడతాం" అనుకున్నవాళ్లకి ఈ నియమం మూడేళ్ల తర్వాత తగులుతుంది.

ఇక లాండ్రీ. మీ మూడింటిలో డబ్బు యంత్రంలోకి పోయేది ఇదొక్కటే. సరుకు కొనక్కర్లేదు, బట్టలు కస్టమర్‌వే. వాషింగ్ మిషన్, డ్రయ్యర్ మూడేళ్లలో ఎక్కడికీ పోవు, వచ్చి చూసేవాళ్లకి కళ్లముందే కనపడతాయి. మీకు పని తెలుసు. దుప్పటి మీద మరక దేనిదో చూడగానే చెప్పగలిగిన మనిషికి లోను ఇవ్వడానికి నేనైతే వెనకాడను. కానీ మీరు "హోటళ్లకి" అన్నారు చూడండి, నా ఇబ్బంది అక్కడుంది.

హోటళ్లు నెల బిల్లు వేయించుకుని మరో నెలకో నెలన్నరకో డబ్బిస్తాయి. మీరు అక్కడే పనిచేశారు కాబట్టి నాకన్నా మీకే బాగా తెలుసు. లోను కిస్తీ మాత్రం తేదీకి పడాలి. అంటే వ్యాపారం యంత్రానిదే అయినా, డబ్బు మళ్లీ బాకీలో ఇరుక్కుంటుంది. తాకట్టు లేని మనిషికి ఆ రెండు నెలలు తట్టుకోవడానికి వెనక ఏమీ ఉండదు. అందుకే పని అదే ఉంచి, కస్టమర్‌ని మార్చమంటాను. మధురవాడ, రుషికొండ వైపు ఉద్యోగాలు చేసే పిల్లల హాస్టళ్లు, పీజీలు ఉన్నాయి. వాళ్లు నెల మొదట్లో అద్దె వసూలు చేస్తారు, కాబట్టి బట్టల డబ్బులు కూడా అప్పుడే ఇవ్వగలరు. చిన్న నర్సింగ్ హోములు వారానికోసారి ఇస్తే చేయొచ్చు, కానీ వాటి బట్టలు విడిగా ఉతకాలి, ఆ ఏర్పాటు లేకుండా ఒప్పుకోకండి. హోటల్ ఒకటి పెట్టుకోండి, ఒకటే. మొత్తం పనిలో నాలుగో వంతు దాటనివ్వకండి.

ఎంత పని దొరికితే గడుస్తుందో వేసి చూద్దాం. ధరలు నేను అనుకుంటున్నవే, మీరు కనుక్కుని మార్చుకోండి. కిలోకి 45 రూపాయలు వస్తాయి. కరెంటు, సబ్బు, నీళ్లు, ప్యాకింగ్, బండి కలిపి కిలోకి 18 పోతే 27 మిగులుతుంది. ఎంత ఉతికినా మారని ఖర్చులు: షెడ్డు అద్దె 14 వేలు, ఒక మనిషి జీతం 13 వేలు, ఇతరాలు 3 వేలు, మీ ఇంటి ఖర్చుకి 15 వేలు. ఇది 45 వేలు. ఇంటి ఖర్చు వేయకుండా లెక్క చూపించే ప్రాజెక్టు రిపోర్టులు చాలా చూశాను. అలాంటి చోట మూడో నెలకి కిస్తీ డబ్బుతోనే కూరగాయలు కొంటారు.

కిస్తీ దగ్గర ఒక చిక్కుంది. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుందాం. 7 లక్షల మీద వేస్తే నెలకి సుమారు 15,200. కానీ కొన్ని బ్రాంచీల్లో సిస్టమ్‌లో తొమ్మిదిన్నర లక్షల మీదే ఈఎంఐ పెట్టేస్తారు, అప్పుడు 20,650 దాటుతుంది. ఎక్కువ కట్టింది ఎక్కడికీ పోదు, అసలు త్వరగా తీరుతుంది. కానీ మొదటి ఏడాది నెలకి ఐదు వేలు తేడా అంటే చిన్న విషయం కాదు. మొదట్లో కిస్తీ కట్టక్కర్లేని మారటోరియం అయ్యాక మూడు నుంచి ఏడేళ్ల వరకు గడువు ఇవ్వొచ్చు. 7 లక్షలకి ఏడేళ్లు తీసుకుంటే కిస్తీ 12 వేల లోపే. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతారు, అయినా మీకు ఏడేళ్లే నయం. చేతిలో డబ్బుంటే ముందే కట్టేసుకోవచ్చు. శాంక్షన్ లెటర్ మీద సంతకం పెట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: "కిస్తీ ఎంత మొత్తం మీద వేస్తున్నారు, సబ్సిడీ తీసేసాకా, తీయకముందా?"

15,200 కిస్తీతో నెల ఖర్చు 60,200. దాన్ని 27తో భాగిస్తే నెలకి 2,230 కిలోలు, 26 పని రోజులకి రోజుకి 86 కిలోలు. 12 వేల కిస్తీ అయితే 81 కిలోలు, 20,650 అయితే 93 దాటుతుంది. ఇప్పుడు మీ యంత్రం వైపు చూడండి. 15 కిలోల మిషన్ ఒకటి రోజుకి ఆరేడు విడతలు తిరిగితే 90 నుంచి 105 కిలోలు. అంటే లాభం కాదు, ఊరికే గడవడానికే మిషన్ దాదాపు నిండా తిరగాలి. ఒక రోజు మోటారు కాలినా, కరెంటు పోయినా ఆ నెల తప్పినట్టే. ఇది చూసి భయపడక్కర్లేదు, కొటేషన్ మార్చుకోవాలి. ఖరీదైన కొత్త 15 కిలోల మిషన్ ఒక్కటి కన్నా, అదే డబ్బులో రెండు 10 కిలోలవి వస్తాయేమో చూడండి. ఒకటి ఆగినా రెండోది తిరుగుతుంది. డ్రయ్యర్ కెపాసిటీ మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి. అక్టోబరు వానల్లో మన విశాఖలో దుప్పటి ఆరే సంగతి మీకు చెప్పక్కర్లేదు.

మీ లక్షా ఇరవైలో 50 వేలు మీ వాటాకి పోతుంది. మిగతా 70 వేలకి ప్రాజెక్టు రిపోర్టులో కనపడని ఖర్చులు కాచుకుని ఉంటాయి. షెడ్డు అడ్వాన్సు, త్రీఫేజ్ కమర్షియల్ కనెక్షన్ డిపాజిట్, వైరింగ్. బ్యాంకు డబ్బు సాధారణంగా నేరుగా మిషన్ సప్లయర్ ఖాతాకే పోతుంది కాబట్టి ఇలాంటివి మీ జేబులోంచే. నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. సముద్రానికి దగ్గర్లో చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో ఉతికితే సబ్బు రెట్టింపు పోతుంది, నాలుగు నెలల్లో తెల్ల దుప్పట్లు బూడిదరంగుకి తిరుగుతాయి. షెడ్డు మాట్లాడేముందు ఒక సీసాలో బోరు నీళ్లు పట్టి పరీక్ష చేయించండి. కాఠిన్యం ఎక్కువుంటే దాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్‌ని మొదటి కొటేషన్‌లోనే రాయించండి. ప్రాజెక్టులో ముందే ఉంటే దానికీ సబ్సిడీ వర్తిస్తుంది, తర్వాత కొంటే మీ ఖర్చే.

ఆనందపురం గురించి అడిగారు. నిజమే, పంచాయతీ పరిధి గ్రామీణం, మున్సిపాలిటీ పరిధి పట్టణం అని లెక్క. మధురవాడ, కొమ్మాది, గాజువాక చూడడానికి ఎలా ఉన్నా విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీ కిందకి వస్తాయి. 2013 నుంచి భీమిలి కూడా అంతే. ఆనందపురం, పద్మనాభం వైపు పంచాయతీలు కాబట్టి అక్కడ 35 శాతం. దీనికి గ్రామీణ ప్రాంతమని సర్టిఫికెట్ పెట్టాలి. మీ ఇల్లు ఎక్కడన్నది కాదు, యూనిట్ ఎక్కడన్నదే ముఖ్యం.

అయితే ఆ పది శాతం మీకు ఎంత ఇస్తుంది? లక్ష రూపాయలు. ఐదేళ్ల కిస్తీలో చూస్తే నెలకి సుమారు 2,200 తగ్గుతుంది. షెడ్డు అద్దె ఇంకో నాలుగు వేలు తగ్గుతుందనుకుందాం. లాభం 6,200. ఇప్పుడు బండి. హాస్టళ్లు మధురవాడ, రుషికొండలో ఉంటే పొద్దున్న తెచ్చి సాయంత్రం ఇవ్వాలి. ఆనందపురం నుంచి రోజుకి అదనంగా 50 కిలోమీటర్లు అనుకోండి, నెలకి 1,300. కిలోమీటరుకి పది రూపాయలైనా 13 వేలు. లక్ష సబ్సిడీ కోసం వెళ్లి నెలకి ఏడు వేలు డీజిల్లో పోస్తారు, అదీ మూడేళ్లు కదలడానికి లేకుండా. అదే పేపరు ప్లేట్ల తయారీయో, నూనెయో అయితే వారానికోసారి లోడు పంపితే చాలు, అప్పుడు ఆనందపురమే సరైనది. రోజూ రెండుసార్లు కస్టమర్ గుమ్మం తొక్కే పనికి కస్టమర్ పక్కనే ఉండాలి.

ఇక మొదలుపెట్టే పద్ధతి. మిషన్ కొనేసి తర్వాత లోనుకి వెళ్లకండి. శాంక్షన్ కాకముందే యూనిట్ నడుస్తుంటే అది పాతదైపోతుంది, పీఎంఈజీపీ రాదు. మరి పని దొరుకుతుందో లేదో తెలిసేదెలా? రెండు నెలలు వేరే లాండ్రీతో మాట్లాడుకోండి. హాస్టళ్ల నుంచి బట్టలు మీరే తెచ్చి, వాళ్ల దగ్గర ఉతికించి, మీరే తిరిగివ్వండి. కిలో మీద పదో పన్నెండో మిగలొచ్చు, మిగలకపోవచ్చు కూడా. కానీ రోజుకి ఎన్ని కిలోలు వస్తున్నాయో, ఎవరు తేదీకి ఇస్తున్నారో, ఎవరు "రేపు రండి" అంటున్నారో పుస్తకంలో రాసుకోండి. మేనేజరుకి మీ ప్రాజెక్టు రిపోర్టు కన్నా ఆ పుస్తకం ఎక్కువ చెబుతుంది.

దరఖాస్తు kviconline.gov.in లో, రుసుము లేదు. జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని ఏజెన్సీగా ఎంచుకోవచ్చు. ఆధార్, డిగ్రీ, కుల సర్టిఫికెట్, ప్రాజెక్టు రిపోర్టు పెట్టాలి. సర్వీసులో 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి, మీకు ఆ సమస్య లేదు. అదే 5 లక్షలు దాటితే పది రోజుల శిక్షణ ఉంటుంది. ఒక కుటుంబంలో భార్యాభర్తల్లో ఒకరికే ఇస్తారు కాబట్టి మీవారి పేరున ఇప్పటికే ఏదైనా సబ్సిడీ లోను ఉంటే ముందే చూసుకోండి. నేను చెప్పిన పీఎంఈజీపీ శాతాలు 2022 మార్గదర్శకాలవి, అవి 2025-26 వరకు ఆమోదించినవి. పోర్టల్‌లో తాజావి చూసుకుని ఈ లెక్కలో అంకెలు మార్చండి, లెక్క వేసే పద్ధతి మారదు. సబ్సిడీలో పది శాతం కమీషన్ అడిగే ఏజెంటుకి ఇవ్వాల్సిన పనేమీ లేదు. ఆ పాతిక వేలతో మీ సాఫ్ట్‌నర్ డబ్బులో కొంత వస్తుంది.

రెండు నెలల పుస్తకంలో రోజుకి 50 కిలోలు కూడా రాకపోతే 10 లక్షల ప్రాజెక్టు వేయకండి. ఒక్క 10 కిలోల మిషన్‌తో 5 లక్షల లోపు వేయండి, శిక్షణ కూడా ఐదు రోజులే. 80 దాటుతోంది, అందులో సగం డబ్బు నెల మొదటి వారంలోనే వస్తోంది అంటే, కొమ్మాది వైపు నీళ్లు బాగున్న షెడ్డు చూసి, ముగ్గురు సప్లయర్ల దగ్గర కొటేషన్లు తీసుకోండి. అవి చేతికొచ్చాక ఇక్కడే పెట్టండి, మిషన్, డ్రయ్యర్ కెపాసిటీలు సరిపోయాయో లేదో చూసి చెప్తాను.